ఆమ్లం ఒలికితే సోడానా, ఇసుకా? విద్యార్థుల ల్యాబ్ మాన్యువల్‌లో ఏది రాయాలి?

మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కి సేఫ్టీ మాన్యువల్ రాసే పని ఈ ఏడాది నా మీద పడింది. అందులో రసాయనాలు ఎక్కడ పెట్టాలి, ఒలికితే ఏం చేయాలి అనే భాగం దగ్గర రెండు చోట్ల ఆగిపోయాను. రెండు చోట్లా వాడుకలో ఒకటికి మించి పద్ధతులున్నాయి. చదివేది ఫస్టియర్ పిల్లలు కాబట్టి ఏదో ఒకటే తేల్చి రాయాలి. ఏ లెక్కతో తేల్చానో ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది బాటిళ్లను అమర్చే వరస. చాలా ల్యాబ్‌లలో ఇంగ్లిష్ అక్షరక్రమంలో పెడతారు. వెతుక్కోవడం సులువు, స్టాక్ రిజిస్టర్‌తో సరిచూసుకోవడం ఇంకా సులువు. అయితే ఆ క్రమం ఏ రసాయనం పక్కన ఏది ఉండకూడదో చూడదు. నైట్రిక్ ఆమ్లం పక్కన నైట్రోబెంజీన్ వస్తుంది. ఈ రెండూ కలిస్తే పేలే మిశ్రమం తయారవుతుంది. రెండో పద్ధతిలో స్వభావాన్ని బట్టి గుంపులు చేస్తాం. మండేవి ఒక చోట, ఆక్సీకరణులు ఒక చోట, ఆమ్లాలు ఒక చోట, క్షారాలు ఒక చోట.

నేను గుంపుల పద్ధతికే ఓటేశాను. కానీ 'ఆమ్లాలన్నీ ఒకే అరలో' అని రాస్తే అదీ తప్పే. నైట్రిక్ ఆమ్లం ఆమ్లమే కాదు, బలమైన ఆక్సీకరణి కూడా. గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం మండే ద్రవం. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. మే నెలలో మన స్టోర్ రూములు ఆ వేడికి చేరడం మామూలే. అందుకే అసిటిక్ ఆమ్లం అసిటోన్, ఇథనాల్ ఉండే చోటికి వెళ్లాలి. నైట్రిక్ ఆమ్లానికి విడిగా ఒక ప్లాస్టిక్ ట్రే కావాలి. సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు ఒకే అరలో, వేరువేరు ట్రేలలో ఉండొచ్చు. 2.5 లీటర్ల బాటిల్ పగిలితే మొత్తం ద్రవం పట్టేంత లోతు ఆ ట్రేకి ఉండాలి. ఏ ఆమ్లం బాటిలైనా కంటి ఎత్తు కంటే కిందే ఉండాలి.

అమరిక తప్పిందని తెలుసుకోవడానికి పిల్లలకు ఒక గుర్తు చెప్పొచ్చు. బాటిళ్ల మీద, అర మీద తెల్లటి సన్నని పొడి పేరుకుంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట. రెండింటి ఆవిర్లు కలిసి అమ్మోనియం క్లోరైడ్‌గా మారి అలా దిగుతాయి. ఆ పొడిని తుడిచేసి ఊరుకోకుండా అటెండర్‌కి చెప్పమని రాశాను. అక్షరక్రమాన్ని పూర్తిగా వదిలేయలేదు. ఒక్కో గుంపు లోపల బాటిళ్లను ఆ వరసలోనే పెట్టి, రిజిస్టర్‌లో అర నంబరు వేస్తే వెతుకులాట ఉండదు.

రెండోది ఒలికినప్పటి సంగతి. అసలు టెన్షన్ ఇక్కడే. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నేల మీద పడితే ఏం చేయాలని అడిగితే ఒకరు నీళ్లు పోయాలంటారు, ఒకరు వంట సోడా చల్లాలంటారు, ఇంకొకరు ఇసుక పోయాలంటారు.

నీళ్ల మాట మొదట తేల్చేద్దాం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మీద నీళ్లు పోస్తే విపరీతమైన వేడి పుట్టి, ఆమ్లం తుంపరలుగా ఎగురుతుంది. కాబట్టి నేల మీద పడ్డ గాఢ ఆమ్లానికి నీళ్లు వద్దు. ఒంటి మీద పడితే మాత్రం నీళ్లే కావాలి. తడిసిన బట్టలు తీసేసి, కుళాయి కింద కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి. చర్మం మీద సోడా రాయకూడదు. ఈ రెండు విషయాలు పిల్లలు కలగాపులగం చేసుకుంటారు. అందుకే మాన్యువల్‌లో 'ఒంటి మీద', 'నేల మీద' అని రెండు వేరు పేజీలు పెట్టాను.

ఇక సోడాని ఇసుకతో పోల్చి చూద్దాం. సోడా గుణం ఏమిటంటే అది ఆమ్లాన్ని నిజంగానే తటస్థం చేస్తుంది. దాని ఇబ్బంది ఎంత కావాలో లెక్క వేస్తేనే కనిపిస్తుంది. ఒక 500 మిల్లీలీటర్ల బాటిల్ పగిలిందనుకుందాం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లీటరుకు సుమారు 18 మోల్స్, అంటే నేల మీద 9 మోల్స్ ఉంది. ఒక మోల్ ఆమ్లానికి రెండు మోల్స్ సోడా కావాలి కాబట్టి 18 మోల్స్ సోడా. మోల్ 84 గ్రాముల చొప్పున 1.5 కిలోలు దాటుతుంది. దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 440 లీటర్లు, అంటే రెండు పెద్ద డ్రమ్ములకు మించిన వాయువు. అదంతా బుసబుస పొంగుతూ, వేడెక్కుతూ, తుంపరలు రేపుతూ వస్తుంది. చాలా ల్యాబ్‌లలో ఉండేది అర కిలో సోడా డబ్బా. దాన్ని చల్లితే మూడింట రెండు వంతుల ఆమ్లం అలాగే మిగిలిపోతుంది, పైకి మాత్రం పని అయిపోయినట్టు కనిపిస్తుంది. అదే 50 మిల్లీలీటర్లు ఒలికితే 150 గ్రాముల సోడా చాలు.

ఇసుక ఆమ్లాన్ని ఏమీ చేయదు, కానీ పారకుండా ఆపుతుంది. అంచుల నుంచి మధ్యకి గట్టులా పోసుకుంటూ వస్తే బల్లల కిందకి, డ్రైన్‌లోకి పోదు. ఎంత ఒలికినా పొంగదు. అయితే పీల్చుకున్న ఇసుక ఇంకా ఆమ్లమేనని మరిచిపోకూడదు. దాన్ని ప్లాస్టిక్ చేటతో ప్లాస్టిక్ బకెట్‌లోకి ఎత్తి, గాలి ఆడే చోట సోడా కొద్దికొద్దిగా కలపాలి. ఇసుక పొడిగా ఉండాలి. గోడకు వేలాడే ఎర్ర బకెట్‌ని ఒకసారి తొంగి చూడండి. తడి, కాగితం ముక్కలు, చెత్త కనిపిస్తే అది పనికిరాదు. ఇసుక దొరకలేదని రంపపు పొట్టు వాడే అలవాటు కొన్ని చోట్ల ఉంది. నైట్రిక్ ఆమ్లం మీద పొట్టు, నూలు గుడ్డ, కాగితం వేస్తే వేడెక్కి, గోధుమ రంగు పొగలు వచ్చి, మంట కూడా లేవొచ్చు.

కాబట్టి నా తీర్పు మోతాదును బట్టి మారింది. గాఢ ఆమ్లం 50 మిల్లీలీటర్ల లోపైతే సోడా నేరుగా, అంతకు మించితే మొదట ఇసుక, తర్వాత సోడా. ఈ రెండూ చేయాల్సింది కళ్లద్దాలు, మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకున్న లెక్చరర్ లేదా అటెండర్. సొంతంగా శుభ్రం చేసే అనుమతి విద్యార్థికి సజల ఆమ్లానికే ఇచ్చాను, అదీ 100 మిల్లీలీటర్ల వరకే. 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంత పడితే 17 గ్రాముల సోడా సరిపోతుంది, చేతి నిండా చల్లితే లెక్క దాటిపోతుంది. గాఢ ఆమ్లం చుక్క పడినా విద్యార్థి చేయాల్సింది గట్టిగా పిలవడం, పక్కవాళ్లని దూరం జరపడం, బర్నర్ ఆపడం. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే పొగలు ఊపిరికి తగులుతాయి కాబట్టి గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి.

పని అయిందని ఎలా తెలుస్తుంది? నురగ ఆగితే చాలని మొదట రాశాను, తర్వాత కొట్టేశాను. మా ల్యాబ్ నేల తాండూరు బండలు. అవి సున్నపురాయి కాబట్టి ఆమ్లం తగిలితే సోడా వేయకముందే నురగ వస్తుంది. సోడా పొడి గడ్డకట్టి కింద ఆమ్లాన్ని కప్పేసినా నురగ ఆగిపోతుంది. అందుకే నీలి లిట్మస్ కాగితాన్ని తడిపి, సోడా ముద్దని కలియబెట్టి మూడు చోట్ల తాకించమన్నాను. ఒక్కచోట ఎర్రబడినా ఇంకొంచెం సోడా వేసి మళ్లీ చూడాలి. మూడు చోట్లా నీలంగానే ఉంటే అప్పుడు తుడుపు గుడ్డ, నీళ్లు తీసుకోవచ్చు.