ఇంటర్వ్యూకి అందని అభ్యర్థికి ఇంకోసారి రాయాలంటే: ఏ మాట, ఏ దారి, ఎన్ని సమయాలు - ఏది మేలు?

హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు ఖాళీగా ఉందనుకుందాం. అభ్యర్థి విజయవాడలో ఉంటూ ఇంకో చోట ఉద్యోగం చేస్తున్నారు. 10వ తేదీ మంగళవారం ఉదయం 11 గంటలకు గూగుల్ మీట్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. 11:20 అయినా అభ్యర్థి కనిపించలేదు, కబురూ లేదు. రెజ్యూమె బాగుంది కాబట్టి ఇంకోసారి పిలుద్దామని హెచ్‌ఆర్‌కి ఉంది. ఏం రాయాలి, ఎక్కడ రాయాలి, కొత్త సమయం ఎలా ఇవ్వాలి అన్న మూడు చోట్లా రెండు మూడు దారులున్నాయి.

అయితే రాసే ముందు మన వైపు చూసుకోవాలి. మీట్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆహ్వానం ఒక జీమెయిల్‌కి వెళ్తుంది, అభ్యర్థి ఫోన్‌లో ఇంకో జీమెయిల్ తెరిచి ఉంటుంది. అప్పుడు లింక్ నొక్కితే నేరుగా లోపలికి రాలేరు, అనుమతి అడిగి బయట ఆగాలి. లోపలున్నవాళ్లు ఆ చిన్న పెట్టెను గమనించకపోతే ఇద్దరూ చెరో వైపు ఎదురుచూసి వెళ్లిపోతారు. క్యాలెండర్‌లో ఈమెయిల్ అక్షరాలు సరిపోలాయా, ఉదయం బదులు రాత్రి పడిందా, మన ఇంటర్వ్యూయర్ ఎన్ని గంటలకు చేరారు అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. తప్పు మనదని తేలితే రాయాల్సింది రిమైండర్ కాదు, క్షమాపణ.

ఇక మాటల సంగతి. ఒకే విషయాన్ని మూడు రకాలుగా రాసి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

మొదటిది ఆఫీసు రకం: "మీరు ఈ రోజు ఇంటర్వ్యూకి హాజరు కాలేదు. మీకు చివరిగా మరో అవకాశం ఇస్తున్నాం. ఈసారైనా సమయానికి హాజరు కాగలరు."

రెండోది ఆత్మీయ రకం: "అయ్యో, ఏమైందండీ? అంతా బాగానే ఉన్నారా? ఏం పర్వాలేదు, ఇలాంటివి అవుతూనే ఉంటాయి. మీకు వీలున్నప్పుడు చెప్పండి, మళ్ళీ పెట్టుకుందాం."

మూడోది: "నమస్తే అండీ. ఈ రోజు 11 గంటలకు మీట్‌లో కలవడం కుదరలేదు. అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు గురించి మీతో మాట్లాడాలని మాకు ఇంకా ఉంది. 12 గురువారం రాత్రి 7:30, లేదా 13 శుక్రవారం ఉదయం 8:30 - ఈ రెండింటిలో మీకు ఏది వీలో రేపు సాయంత్రం 5 లోపు చెప్పండి. శనివారం ఎంపిక ముగుస్తుంది కాబట్టి సమయం మార్చగలిగేది ఈ ఒక్కసారే. ఇప్పుడు ఈ ఉద్యోగం వద్దనుకుంటే 'వద్దు' అని పంపినా చాలు."

మొదటిదాంట్లో తిట్టు ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లకు గుచ్చుకుంటుంది. గుచ్చేది "ఈసారైనా"లోని "అయినా". పోయినసారి చేయలేదుగా అన్న దెప్పు ఆ ఒక్క ముక్కలో ఉంది. "కనీసం", "దయచేసి ఇకపై" కూడా ఆ కోవలోవే. "అవకాశం ఇస్తున్నాం" అనగానే ఇచ్చే చెయ్యి పైనా, పుచ్చుకునే చెయ్యి కిందా అవుతాయి. "మీరు హాజరు కాలేదు" అన్నప్పుడు వాక్యానికి కర్త అభ్యర్థి. "కలవడం కుదరలేదు" అంటే కర్త స్థానంలో మనిషే ఉండడు. తప్పెవరిదో తేల్చకుండా జరిగింది చెప్పడానికి తెలుగులో "కుదరలేదు", "వీలుపడలేదు" లాంటి మాటలు ఉండనే ఉన్నాయి, వాడుకోవడమే తరువాయి. ఒక జాగ్రత్త: "ఇంటర్వ్యూ జరగలేదు" అని రాస్తే కంపెనీయే రద్దు చేసిందనుకుని "ఎందుకు క్యాన్సిల్ చేశారు?" అని అడిగేవాళ్లుంటారు. ఆ గందరగోళం "కలవడం కుదరలేదు"తో రాదు.

రెండోది చదవడానికి హాయిగా ఉంటుంది, చిక్కు లోపల ఉంది. "ఏమైందండీ?" అన్నాక ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక ఆగిపోయినవాళ్లకు సరే. తేదీ మరిచిపోయినవాళ్లు, మేనేజర్ పక్కన కూర్చోవడంతో లేవలేకపోయినవాళ్లు ఏం చెప్తారు? చాలామంది ఒక అబద్ధం అల్లుతారు, లేదా అల్లడం ఇష్టంలేక జవాబే ఇవ్వరు. "ఏం పర్వాలేదు" కూడా ఆలోచించాల్సిన మాటే. అడగకుండానే క్షమించడమంటే తప్పు జరిగిందని ముందే తేల్చేయడం. కారణం తెలుసుకోవాల్సిన ఉద్యోగమైతే, ఉదాహరణకు షిఫ్ట్ వేళలు ముఖ్యమైన చోట, ఇంటర్వ్యూలో అందర్నీ అడిగినట్టే వేళల గురించి అడగొచ్చు. రిమైండర్ అందుకు చోటు కాదు.

మూడోదే మేలు అనడానికి ఇంకో కారణం, అది ఒక్కసారే అన్న విషయాన్ని దాచదు. నింద వద్దన్నారు కదా అని గడువు కూడా చెప్పకపోతే అభ్యర్థికే నష్టం. అయితే ఆ గడువుకు కారణం మన క్యాలెండర్‌లోంచి రావాలి, వాళ్ల ప్రవర్తనలోంచి కాదు. "చివరి అవకాశం" అంటే బెదిరింపు, "శనివారం ఎంపిక ముగుస్తుంది" అంటే సమాచారం. అది నిజం కూడా అయి ఉండాలి. శనివారం అని రాసి, అదే పోస్టుకు వచ్చే నెలంతా ప్రకటన వేస్తే అభ్యర్థులు గమనిస్తారు. ఇక చివర్లో 'వద్దు' అనడానికి ఇచ్చిన దారి మన పని కూడా తగ్గిస్తుంది. వేరే ఆఫర్ వచ్చి మొహమాటానికి మౌనంగా ఉన్నవాళ్లు ఆ ఒక్క మాట పంపేస్తారు, మనం రెండు రోజులు వాళ్లకోసం సమయాలు పట్టి ఉంచక్కర్లేదు.

సమయం ఇవ్వడంలో మూడు పద్ధతులున్నాయి: ఒకే సమయం చెప్పడం, రెండు చెప్పి ఎంచుకోమనడం, క్యాలెండ్లీ లాంటి లింక్ పంపి నచ్చింది పెట్టుకోమనడం. ఒకే సమయం చెప్తే ఇంటర్వ్యూయర్‌కు సుఖం. కానీ ఉద్యోగంలో ఉన్న మనిషికి మొదటిసారి ఉదయం 11 ఎందుకు కుదరలేదో, రెండోసారి మధ్యాహ్నం 3 కూడా అందుకే కుదరకపోవచ్చు. లింక్‌లో పాతిక ఖాళీలు కనిపిస్తాయి, ఇంటికెళ్లాక చూద్దాంలే అనిపిస్తుంది, అక్కడితో మరుపు. ఈ విజయవాడ అభ్యర్థి విషయంలో రెండు సమయాలే సరి: ఒకటి పని దిగాక, ఒకటి పనికి ముందు, వేర్వేరు రోజుల్లో. మెసేజ్ పంపే ముందే ఆ రెండు సమయాలూ ఇంటర్వ్యూయర్ క్యాలెండర్‌లో పట్టి ఉంచాలి. అభ్యర్థి "గురువారం" అన్నాక "సారీ, ఆ రోజు సార్ లేరు" అంటే చేసిందంతా వృథా.

లింక్ గెలిచే చోటు ఒకటుంది: అభ్యర్థి విదేశంలో ఉన్నప్పుడు. డల్లాస్‌లో ఉన్న మనిషికి మన సమయం వేసవిలో 10:30 గంటలు ముందుంటుంది, అక్కడ గడియారాలు వెనక్కి తిప్పే నవంబర్ మొదటి ఆదివారం నుంచి 11:30 గంటలు. ఆ వారంలో పెట్టిన ఇంటర్వ్యూలు గంట తేడాతో తప్పిపోతుంటాయి. అలాంటి లింక్ సాధారణంగా చూసేవాళ్ల స్థానిక సమయంలోనే ఖాళీలు చూపిస్తుంది. లింక్ వాడకపోతే రెండు ఊళ్ల సమయాలూ, రెండు చోట్ల తేదీలూ రాయాలి. మనకు బుధవారం ఉదయం అయితే వాళ్లకు ఇంకా మంగళవారం రాత్రే.

ఇక ఎక్కడ రాయాలి? ఫోన్ చేస్తే ఆ క్షణమే తేలిపోతుందని అనిపిస్తుంది. కానీ అభ్యర్థి ఇప్పుడున్న ఆఫీసులోనే ఆ ఫోన్ మోగుతుంది, అవతల వినేవాళ్లుంటారు. రోజూ వందమందికి డయల్ చేసే హెచ్‌ఆర్ నంబర్‌కి ట్రూకాలర్‌లో ఎర్రరంగు పడి ఉంటే అసలు ఎత్తరు. పైగా జాగ్రత్తగా ఎంచుకున్న మాటలు గొంతులో నిలవవు. "హలో, పొద్దున జాయిన్ అవ్వలేదేంటండీ?" అని నోటికి వచ్చేస్తుంది. గిడ్డంగి, డెలివరీ, సెక్యూరిటీ పనులకు పిలిచేటప్పుడు మాత్రం ఫోనే మేలు. అక్కడ పెద్ద మెసేజ్ చదివి జవాబు రాసే అలవాటు తక్కువ.

ఎస్సెమ్మెస్ ఈ పనికి పనికిరాదు. కంపెనీ పేరుతో పంపాలంటే నమూనా ముందే టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో చేర్చాలి, సందర్భానికి తగ్గట్టు మాట మార్చే వీలుండదు. తెలుగులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే.

అకౌంట్స్ పోస్టుకు వాట్సాప్ ముందు, వెనకే ఈమెయిల్. వాట్సాప్ ఇంతకుముందు మాట్లాడిన నంబర్ నుంచే వెళ్లాలి. ఉద్యోగాల పేరుతో మోసాలు ఎక్కువ కాబట్టి కొత్త నంబర్ నుంచి "ఇంకో అవకాశం" అని వస్తే చదవకుండా బ్లాక్ చేసేవాళ్లే ఎక్కువ. కంపెనీ పేరు, పోస్టు పేరు, అంతకుముందు ఏ రోజు ఎవరు మాట్లాడారో ఒక వరుసలో ఉండాలి. అదే విషయం కంపెనీ డొమైన్ నుంచి, పాత ఆహ్వానం వెళ్లిన మెయిల్‌కే రిప్లైగా పంపితే అనుమానం తీరుతుంది, రికార్డూ ఉంటుంది.

ఎప్పుడు పంపాలన్నది కూడా తేల్చుకోవాలి. 11:10కి "లింక్ తెరిచే ఉంది, 11:25 వరకు ఉంటాం" అని ఒక చిన్న మెసేజ్ చాలు. కొత్త సమయాల మెసేజ్ అదే రోజు సాయంత్రం 6:30కి. వెంటనే పంపితే దారిలోనో ఆసుపత్రిలోనో ఉన్నవాళ్లను తరుముతున్నట్టు ఉంటుంది, రెండు రోజులాగితే ఇక మనల్ని వదిలేశారనుకుంటారు.

జవాబు వస్తే క్యాలెండర్‌లో కొత్త ఆహ్వానం సృష్టించకుండా పాతదాన్నే కొత్త సమయానికి జరిపి, మార్పును అతిథులకు పంపమని నొక్కండి. మీట్ లింక్ అదే ఉంటుంది, రెండు లింకుల తికమక రాదు. ఏ జీమెయిల్‌తో వస్తారో అప్పుడే అడిగి, వేరేదైతే దాన్నీ అతిథిగా చేర్చండి.

బుధవారం మధ్యాహ్నానికి కూడా వాట్సాప్‌లో ఒక్క టిక్కే ఉంటే మెసేజ్ వాళ్ల ఫోన్‌కి చేరలేదని అర్థం. అప్పుడు మాత్రం భోజన వేళ ఒకసారి ఫోన్ చేయొచ్చు. రెండు టిక్కులు పడి మౌనం ఉంటే ఫోన్ వద్దు. నీలం రంగు రాకపోయినా చదవలేదని కాదు, ఆ సూచన ఆపేసుకున్నవాళ్లు చాలామంది. సాయంత్రం 5 దాటాక పట్టి ఉంచిన రెండు సమయాలూ వదిలేసి, ఒక్క వరుస పంపండి: "ఈ పోస్టుకి ఇక ముందుకు వెళ్తున్నాం అండీ. మీ వివరాలు మా దగ్గరుంటాయి, తగిన ఖాళీ వస్తే సంప్రదిస్తాం." రెండో భాగం నిజంగా చేసే ఉద్దేశం ఉంటేనే రాయండి, లేకపోతే మొదటి వాక్యం దగ్గర ఆపేయండి.