నిండిన గదుల లెక్కతో పార్ లెవల్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పన్నెండు గదుల గెస్ట్ హౌస్‌లో సరుకుల బాధ్యత నాది. బెడ్‌షీట్లకీ, సబ్బులూ షాంపూలకీ, వంటింటి సామాన్లకీ పార్ లెవల్, అంటే ఎంత నిల్వ ఉండాలో ముందే ఖాయం చేసుకున్న అంకె పెట్టుకుని, వాడకాన్ని నిండిన గదుల లెక్కన రాసుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. సబ్బుల విషయంలో ఈ పద్ధతి ఎంతో మేలు చేసింది. బెడ్‌షీట్లకి సగమే పనికొచ్చింది. వంటింటికి లెక్క మార్చుకోవాల్సి వచ్చింది.

ముందు సబ్బుల సంగతి. నెల మొదట్లో ఉన్న నిల్వకి మధ్యలో వచ్చినవి కలిపి, నెలాఖరున మిగిలినవి తీసేస్తే వాడకం తేలుతుంది. దాన్ని రూమ్ నైట్లతో, అంటే అతిథులున్న గదులను రోజువారీగా కూడితే వచ్చే అంకెతో భాగించాలి. 180 ఉండి, 200 వచ్చి, 116 మిగిలితే వాడింది 264. ఆ నెల 240 రూమ్ నైట్లు ఉంటే ఒక్కోదానికి 1.1 సబ్బు. మిగిలినవి లెక్కపెట్టేటప్పుడు స్టోర్ ఒక్కటే చూస్తే చాలదు. హౌస్‌కీపింగ్ ట్రాలీలో ఉన్నవీ, విప్పిన డబ్బాల్లోవీ కలవకపోతే ఈ అంకెకి అర్థం లేదు.

మేం పదిహేను రోజులకోసారి ఆర్డర్ పెడతాం, సరుకు రావడానికి ఐదు రోజులు పడుతుంది. అంటే ఆర్డర్ రోజున ఉన్న నిల్వా, తెప్పించేదీ కలిపి ఇరవై రోజులకి సరిపోవాలి. రద్దీ రోజుల్లో పది గదులు నిండుతాయనుకుంటే 10 × 1.1 × 20, అంటే 220. దానికి అదనంగా, అన్ని గదులూ నిండిన రెండు రోజుల వాడకానికి సరిపడా ఇంకో ముప్పై కలిపి పార్ 250గా పెట్టాం. ఆర్డర్ రోజున చేతిలో ఉన్నవీ, ముందే ఆర్డర్ పెట్టి ఇంకా రానివీ 250లోంచి తీసేస్తే ఎన్ని తెప్పించాలో తెలుస్తుంది. రానివి తీసేయడం మర్చిపోతే సరుకు రెట్టింపు వచ్చి పడుతుంది.

అయితే ఈ 1.1 ఒక్కోసారి ఉన్నట్టుండి 1.5 అవుతుంది. చూడగానే ఎవరో తీసుకెళ్తున్నారనిపిస్తుంది. సిబ్బందిని అడిగే ముందు చెక్-ఇన్‌లు చూడాలని నా గట్టి అభిప్రాయం. మా దగ్గర కొత్త అతిథి దిగగానే రెండు సబ్బులు పెడతాం, తర్వాత అడిగితేనే ఇస్తాం. 240 రూమ్ నైట్లలో 120 చెక్-ఇన్‌లు ఉంటే 240 సబ్బులు, అడిగి తీసుకున్నవి 24, మొత్తం 264. అవే 240 రూమ్ నైట్లకి 168 చెక్-ఇన్‌లు ఉంటే 336, అడిగినవి 24, మొత్తం 360. గది లెక్కన వాడకం పెరిగినట్టుంది గానీ, చెక్-ఇన్‌కి చూస్తే ముందు 2.2, తర్వాత 2.14. అంటే ఒక్క రాత్రికి దిగేవాళ్లు ఎక్కువయ్యారు, అంతే. అందుకే సబ్బులకి చెక్-ఇన్‌ల గడి విడిగా పెట్టాను. టాయిలెట్ పేపర్‌కి మాత్రం రూమ్ నైట్ లెక్కే సరిపోతుంది.

బెడ్‌షీట్లు వాడితే అయిపోయేవి కావు, తిరుగుతూ ఉండేవి. వాటి పార్‌ని తేల్చేది గదులు ఎన్ని నిండాయన్నది కాదు, లాండ్రీ ఎన్నాళ్లకి తిరిగిస్తుందన్నది. గదికి రెండు చొప్పున 24 ఒక సెట్టు. ఈరోజు పంపినవి ఎల్లుండి వస్తాయి కాబట్టి మంచాల మీద ఒక సెట్టు, లాండ్రీలో నిన్నటిదీ ఈరోజుదీ రెండు, రేపటికి అలమరాలో ఒకటి, మొత్తం నాలుగు. లాండ్రీ సెలవుకో, బట్టలు ఆరని వానరోజుకో ఐదోది. అలా 120 దగ్గర స్థిరపడ్డాం. ఉతికి వచ్చినవి దొంతర అడుగున పెట్టి, పైనుంచి తీయాలి. లేకపోతే పైనున్న నాలుగే మళ్లీ మళ్లీ ఉతుకులు తిని ముందే చిరుగుతాయి.

ఇక్కడ రూమ్ నైట్ లెక్క పనికొచ్చేది లాండ్రీ బిల్లు చూడటానికి. రూమ్ నైట్‌కి ఎన్ని బట్టలు పంపామో ప్రతి నెలా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎక్కువ రోజులుండే అతిథులు పెరిగితే తగ్గుతుంది. బిల్లు అంకె దానికి ఎదురు నడిస్తే పంపిన చీటీలు తీసి చూడాలి. పోయినవి తెలియాలంటే మాత్రం మంచాలూ, అలమరా, లాండ్రీ మూడూ ఒకే రోజు లెక్కపెట్టాలి. చిరిగిపోయి పక్కన పెట్టినవి రాసుకోకపోతే అవీ పోయినవాటిలో చేరిపోతాయి.

వంటింటికి గదుల లెక్క అంతగా కుదరలేదు. ఒక గదిలో ఒక్కరుండొచ్చు, నలుగురుండొచ్చు. టిఫిన్ చేసినవాళ్ల సంఖ్యతో భాగించడం మొదలుపెట్టాక టీ పొడి, చక్కెర, నూనె అంకెలు కుదుటపడ్డాయి. సిబ్బంది టీ, భోజనం విడిగా రాయాలి. గెస్ట్ హౌస్ సగం ఖాళీగా ఉన్న నెలల్లో అతిథికింత అన్న అంకెని పెంచి చూపించేది అదే. పాలు, కూరగాయల్లాంటివాటికి పార్ పెట్టడం మానేశాను. రేపటి బుకింగ్‌లు చూసి రాత్రి ఆర్డర్ చెప్పేస్తాను.