టో సాక్స్, లైనర్ సాక్స్: మూడు కార్తీకాలు నడిచాక

ఉప్పల్ నుంచి యాదగిరిగుట్టకు మూడేళ్ళుగా కార్తీకమాసంలో నడిచి వెళ్తున్నాను. దారి 50 కిలోమీటర్లకు పైనే. అలవాటు తప్పకుండా మామూలు రోజుల్లో ఓయూ క్యాంపస్‌లో, ఆదివారాలు హుస్సేన్‌సాగర్ చుట్టూ నడుస్తాను. ఇన్నాళ్ళలో మూడు జతల టో సాక్స్, అంటే ఒక్కో వేలికి ఒక్కో గూడు ఉండేవి, రెండు జతల మామూలు పల్చటి లైనర్లు, అంటే ఇంకో సాక్స్ లోపల వేసుకునేవి, వాడాను. టో సాక్స్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు నా జవాబు: కొనండి, కానీ వాటినొక్కదాన్నే వేసుకుని దూరం నడవకండి. అలా ఎందుకంటున్నానో నా కాళ్ళే నేర్పాయి.

మొదటి ఏడాది కాటన్ సాక్స్‌తో వెళ్ళాను. ఘట్‌కేసర్ దాటేసరికి అవి చెమటకు తడిసి కాలికి అతుక్కుపోయాయి. చిటికెన వేలు, పక్క వేలు ఒకదానికొకటి రాసుకుని మధ్యలో శనగగింజంత పొక్కు లేచింది. భువనగిరిలో బస్సెక్కాల్సి వచ్చింది. ఆ ఏడాది గుట్ట మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కినప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

పొక్కు ఎలా లేస్తుందో తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చేసి చూడండి. చూపుడు వేలిని ఇంకో చెయ్యి వెనకభాగం మీద గట్టిగా ఆనించి, వేలు జారకుండా ముందుకూ వెనక్కూ కదపండి. చర్మం వేలితోనే వస్తుంది, లోపలి ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న పొరలు సాగుతున్నాయి. నడకలో జరిగేదీ ఇదే, చర్మం సాక్స్‌కు అతుక్కుని ఆగిపోతుంది, ఎముక ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ కదులుతుంది. వేల అడుగుల తర్వాత లోపలి పొరలు విడిపోయి, ఆ సందులో నీరు చేరుతుంది. చెమటతో చెమ్మగిల్లిన చర్మం బట్టను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పొక్కు ఇంకా తొందరగా వస్తుంది. కొబ్బరినూనె రాసుకుని కూడా చూశాను. మొదటి గంట హాయిగా ఉంది, నూనె ఇంకిపోయాక అంతకుముందు కంటే ఎక్కువ పట్టుకుంది.

రెండో ఏడు టో సాక్స్ కొన్నాను, జత ₹350. నైలాన్, పాలిస్టర్ కలిసిన పల్చటి రకం. వేళ్ళ మధ్య చర్మానికి చర్మం తగలడం ఆగిపోయింది. అవి వేసుకున్నప్పుడు ఆ పొక్కు మళ్ళీ నాకు రాలేదు, ఈ ఒక్క విషయంలో వాటికి పూర్తి మార్కులు. అయితే పాదం ముందు భాగంలో, బొటనవేలి కింది మెత్త దగ్గర, బీబీనగర్‌కు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా వెచ్చగా అనిపించింది. నొప్పి కాదు, గోరువెచ్చటి నాణెం ఒకటి అక్కడ అతికించినట్టు. దాన్నే హాట్ స్పాట్ అంటారు. అప్పటికి ఇంకా పొక్కు లేవదు, చర్మం ఎర్రబడి ఉంటుందంతే.

"వదినా, ఒక్క నిమిషం ఆగుదామా, కాలు మండుతోంది" అన్నాను.

"బీబీనగర్‌లో టీ తాగేటప్పుడు చూసుకుందాంలే, ఇంకెంతసేపు?" అంది వదిన.

నేనూ సరేనన్నాను. ఆ అరగంటలోనే అది పొక్కైంది. ఎందుకంటే టో సాక్స్ వేళ్ళ సంగతి చూసుకుంటాయి గానీ, పాదం ముందు మెత్తకూ మడమకూ అవీ ఒక పొర మాత్రమే. ఆ ఒక్క పొర చర్మానికి అతుక్కుపోతే రాపిడి అంతా చర్మం మీదే పడుతుంది.

లైనర్ పనికొచ్చేది అక్కడే. ఒకదాని మీద ఒకటి రెండు సాక్స్ వేసుకుంటే, జారుడు చర్మం దగ్గర కాకుండా ఆ రెండు బట్టల మధ్య జరుగుతుంది. కానీ రెండు వేసుకున్నంత మాత్రాన జారవు. లోపలిది కాలికి బిగుతుగా, ముడతల్లేకుండా పట్టి ఉండాలి, నున్నగా ఉండాలి. పైది కాస్త మందంగా, కొంచెం వదులుగా ఉండాలి. పైన కాటన్ వేస్తే లాభం లేదు, చెమట పీల్చుకుని లైనర్‌కు అతుక్కుని రెండూ ఒకే ముద్దలా కదులుతాయి. నేను లోపల టో సాక్స్, పైన లోపలివైపు టవల్ లాంటి నేత ఉన్న పాలిస్టర్ మిక్స్ సాక్స్ వేస్తాను. మామూలు లైనర్లు మడమను బాగానే కాపాడాయి గానీ వేళ్ళ మధ్య పాత కథే, అందుకే అవి ఇప్పుడు నా ఆఫీసు సాక్స్ అయ్యాయి.

జారుడు సరైన చోటే జరుగుతోందని నాకు తెలిసింది ఒక చిన్న గుర్తుతో. సాగర్ చుట్టూ రెండు రౌండ్లు తిరిగొచ్చి పై సాక్స్ విప్పితే, లోపలి సాక్స్ పైముఖం మీద మడమ దగ్గర సన్నటి నూలు ఉండలు కట్టి కనిపించాయి. దాని కింద చర్మం మామూలు రంగులోనే ఉంది. అరిగింది బట్ట, నా కాలు కాదు. ఉండలు ఏమీ లేకుండా చర్మం ఎర్రగా ఉంటే మాత్రం ఆ రెండు బట్టలూ ఒకదానికొకటి సరిపడలేదని అర్థం.

ఇంకో ముఖ్యమైన విషయం షూ సైజు. పాత షూలోనే రెండు సాక్స్ ఇరికించి మొదట పది కిలోమీటర్లు నడిచాను, అదే వారం చిటికెన వేలి పక్కన కొత్త పొక్కు లేచింది. లోపల చోటు లేకపోతే బట్టలు జారలేవు, పైగా ఎక్కువ నొక్కుతాయి. ఆ తర్వాత సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, రెండు సాక్స్‌లతో షాపుకెళ్ళి అర సైజు పెద్దది తీసుకున్నాను. ముందు బొటనవేలికీ షూకీ మధ్య ఒక వేలెడు చోటుంది.

మూడో ఏడు ఇలా వెళ్ళాం. రాత్రి ఎనిమిదికి ఉప్పల్‌లో బయలుదేరాం, సంచిలో ఇంకో రెండు పొరల జత, చిన్న టవల్, మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు పెట్టుకున్నాను. బీబీనగర్‌లో కావాలనే ఆగి, కాళ్ళు బాగా తుడుచుకుని పది నిమిషాలు ఆరబెట్టి, రెండు పొరలూ మార్చాను. పైదొక్కటే మారిస్తే లోపల చెమ్మ అలాగే ఉంటుంది. తెల్లవారుజామున భువనగిరి కోట గుండు కనిపించే చోట ఎడమ మడమ వెచ్చబడింది. ఈసారి ఎవరు ఏమన్నా ఆగేదాన్నే, కానీ వదినే ముందుగా రోడ్డు పక్కన కూర్చుంది. చర్మం ఎర్రగా ఉంది, పొక్కు లేదు. తుడిచి, టేపు ముడత పడకుండా చుట్టూ రెండు వేళ్ళంత ఎక్కువ వచ్చేలా అంటించి, అంచులు గుండ్రంగా కత్తిరించాను. మూల మిగిలితే సాక్స్‌కు తగిలి లేచిపోతుంది. పదింటికి గుట్ట కింద షూ విప్పితే రెండు కాళ్ళకూ ఒక్క పొక్కు లేదు.

టో సాక్స్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. వేసుకోవడానికి ఒక్కో కాలికి రెండు నిమిషాలు పడుతుంది. తొందరలో రెండు వేళ్ళు ఒకే గూట్లో దూరితే అక్కడ కుట్టు రాసుకుని నడకంతా చికాకు పెడుతుంది. బొటనవేలి గూడే ముందు చిరుగుతుంది, నా మొదటి జత అక్కడే పోయింది, నడకకు రెండు రోజుల ముందు గోళ్ళు తీసుకోవడం అప్పుడే అలవాటైంది. ఉతికేటప్పుడు తిరగేసి ఉతుకుతాను, బట్టలు మెత్తబరిచే లిక్విడ్ వెయ్యను, దాని పూత పట్టాక చెమట త్వరగా ఆరడం లేదనిపించింది. ఇక జూలై వానల్లో నెక్లెస్ రోడ్ మీద నీళ్ళలో నడిస్తే ఈ రెండు పొరలూ కూడా అతుక్కుపోతాయి. ఆ రోజుల్లో ఐదారు కిలోమీటర్లకే ఇంటికి వచ్చేస్తాను.

నాలుగో జత మొన్ననే తెప్పించాను. పాతవాటిలో వేళ్ళ గూళ్ళు నా వేళ్ళ కంటే పొడుగై, కొసన మిగిలిన బట్ట మడతపడి గోళ్ళ కింద తగిలేది. అందుకే ఈసారి ఒక సైజు చిన్నవి తీసుకున్నాను.