ఎగిరే జుట్టుకి మామూలు సెలెక్షనా, ట్రైమ్యాపా?

ట్యాంక్‌బండ్ మీద గాలికి జుట్టు ఎగురుతుండగా తీసిన మా చెల్లి ఫొటోలో తెల్లటి ఆకాశం తీసేసి ముదురు నీలం పెట్టాలి. మామూలు సెలెక్షన్‌లో పిక్సెల్ ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. కానీ ఎగిరే వెంట్రుక చాలాచోట్ల పిక్సెల్ కంటే సన్నం, అందులో కాస్త జుట్టు, కాస్త ఆకాశం కలిసే ఉంటాయి కాబట్టి ఉంచితే తెల్లటి అంచు, తీసేస్తే తలకి హెల్మెట్ పెట్టినట్టు. ఫెదర్ చేసినా అంచు మసకబారుతుందే తప్ప ఆ తెలుపు పోదు.

ట్రైమ్యాప్ అంటే ఏది మనిషో, ఏది ఆకాశమో సాఫ్ట్‌వేర్‌కి చూపే మూడు రంగుల మ్యాప్. అందులో మనిషికి తెలుపు, ఆకాశానికి నలుపు, ఎగిరే కొసల చుట్టూ మాత్రం బూడిద రంగు పూస్తాం. ఆ బూడిద పట్టీలోనే ఒక్కో పిక్సెల్‌లో జుట్టు వాటా 0.3 అనో 0.7 అనో లెక్క తేలుతుంది. అసలు జుట్టు రంగునూ విడిగా రాబట్టాలి, అది మరిచిపోతే (నేను మరిచిపోయాను) ఆ తెలుపు మళ్ళీ కనిపిస్తుంది. పట్టీ జుట్టు కొసల్ని దాటాలి, మరీ వెడల్పైతే మాత్రం వెనక కొమ్మలుంటే సాఫ్ట్‌వేర్ వాటినీ జుట్టనుకుంటుంది.