అమ్మకాలు పెరిగిన నెలలోనే లాభం తగ్గింది: నా ఆన్‌లైన్ స్టోర్ గురించి

నాన్నగారి దుకాణానికి తోడుగా నేను నడుపుతున్న ఆన్‌లైన్ స్టోర్‌లో సరుకు పెట్టడం, ఆర్డర్లు తీసుకోవడం ఎంత సులువో వాడేవారందరికీ తెలుసు కనుక ఆ వివరాల జోలికి పోవడం లేదు. నా అభ్యంతరమంతా తెరమీద అన్నిటికంటే పెద్దగా కనిపించే ‘మొత్తం అమ్మకాలు’ అనే అంకె మీదనే. ఆర్డరు పడగానే అది పెరుగుతుంది. సరుకు వెనక్కి వచ్చినా తగ్గదు.

పది శాతం తగ్గింపు ఇచ్చిన నెలలో ఆ అంకె దాదాపు రెట్టింపయింది. నాన్నగారు మాత్రం, "ఖర్చులన్నీ పోను చేతికి ఎంత మిగిలిందిరా?" అని అడిగారు. ఆ జవాబు తెరమీద ఎక్కడా లేదు. ఆర్డర్ల వారీ చెల్లింపుల పట్టికను డౌన్‌లోడ్ చేసుకుని, ఒక రకం చొక్కాల లెక్కను ఇద్దరం కూర్చుని తీశాం. పోల్చడానికి వీలుగా అమ్మకం ధరను 100 అనుకున్నాం.

అందులో కొన్న ధర 60, రవాణా 10, కమీషను 10, ప్యాకింగు 2 పోతే 18 మిగిలేది. ధర 90కి దిగినప్పుడు కమీషను ఒక్కటే 9కి తగ్గింది, మిగతా ఖర్చులు కదలలేదు. అంటే పది శాతం తగ్గింపు మా మిగులును 9కి, సరిగ్గా సగానికి, తెచ్చింది. ఇక వెనక్కి వచ్చిన ప్రతి చొక్కాకూ కమీషను తిరిగి జమ అయినా, రానుపోను రవాణా, ప్యాకింగు కలిపి 22 మా మీదే పడింది.

ఇదివరకు పది ఆర్డర్లకు ఒకటి వెనక్కి వచ్చేది కాబట్టి 140 మిగిలేది. తగ్గింపు నెలలో ఇరవై ఆర్డర్లు వచ్చి నాలుగు తిరిగివచ్చాయి. తెరమీది అమ్మకం 1000 నుంచి 1800కి పెరిగితే, మాకు మిగిలింది 56. ఆ నాలుగింటిలో ఒక్కటి మళ్లీ అమ్మడానికి పనికిరాకుండా పోయినా, దాని కొన్న ధర 60 ఆ మిగులునంతా తినేస్తుంది. పైగా వాపసులు ఎక్కువగా తర్వాతి నెల లెక్కలో పడటం వల్ల, తగ్గింపు ఇచ్చిన నెల బాగున్నట్టే కనిపించింది.

తిరిగివచ్చినవాటిలో ఎక్కువ భాగం కొలత కుదరనివే. కొందరు రెండు సైజులు తెప్పించుకుని ఒకటి ఉంచుకున్నారు. చొక్కాను పరచి తీసిన ఛాతీ, పొడవు కొలతలను వివరణలో చేర్చాక వాపసులు కొంత తగ్గాయి. తగ్గింపును రెండు చొక్కాలు కలిపి కొన్నవారికే పరిమితం చేశాం. ఒకే పార్సిల్‌లో వెళ్తాయి కనుక రవాణా ఖర్చును రెండింటి మీదా పంచుకోవచ్చు.

ఇలా ఆన్‌లైన్ స్టోర్ పెట్టుకోమని మొదట్లో చాలామందికి సిఫారసు చేశాను. ఆర్డర్లు తెచ్చే విషయంలో ఆ మాట మీదే ఉన్నాను, లాభం చూపే విషయంలో కాదు. వెనక్కి వచ్చిన చొక్కాను మేము దుకాణంలో అమ్ముకోగలుగుతున్నాం కనుక మాకు ఇది ఇంకా గిట్టుబాటవుతోంది. ఆ వెసులుబాటు లేకుండా ఆన్‌లైన్‌లోనే అమ్మేవారికి ఇదే లెక్క వేరేగా తేలవచ్చు.