చేతి అరువా, చెక్కు అరువా, రొక్కమా? కొత్త కొట్టుకి ఏది మేలు

విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పన్నెండేళ్లు పద్దులు రాశాను. అరువు ఎవరికి ఇవ్వాలో షావుకారు తేల్చుకునేటప్పుడు పక్కన కూర్చున్నవాణ్ణి. ఈ ఏడాది మా మేనకోడలు పటమటలో పిల్లల బట్టల షాపు పెట్టింది. మొదటిసారి సరుకుకి వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. అలా బల్లకి అటువైపు కూర్చోవడం నాకూ కొత్తే.

తనకి కావాల్సిన సరుకు లక్షా ఇరవై వేలకి తేలింది. అక్కడి షావుకారు రెండు మాటలు చెప్పాడు. రొక్కమైతే నూటికి మూడు తగ్గింపు. అరువైతే తగ్గింపు ఉండదు, ముప్పై రోజుల తర్వాతి తేదీ వేసిన చెక్కు ఇవ్వాలి. "చెక్కు ఇచ్చేద్దాం మామయ్యా, చేతిలో డబ్బు మిగులుతుంది" అంది మా అమ్మాయి. కొత్తగా కొట్టు పెట్టిన ప్రతివాళ్లూ అనే మాటే అది.

ముందు ఆ మూడు సంగతి చూద్దాం. వంద రూపాయల సరుకు ఇవాళ తొంభై ఏడుకి వస్తుంది. నెల ఆగితే వంద కట్టాలి. అంటే తొంభై ఏడు రూపాయల మీద నెలకి మూడు, మన లెక్కలో మూడు రూపాయల పైచిలుకు వడ్డీ. బయట రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. బంగారం పెట్టి బ్యాంకులో తెచ్చుకుంటే రూపాయి అటూ ఇటూ పడుతుంది. కాబట్టి "ఊరికే వచ్చిన గడువు" అనుకునేది నిజానికి ఖరీదైన అప్పు. గడువు నలభై ఐదు రోజులై, తగ్గింపు ఒకటే అయితే లెక్క మారుతుంది. అప్పుడు నెలకి డెబ్బై పైసల లోపే పడుతుంది, అరువు తీసుకోవడమే నయం. అందుకే కొట్టులోకి వెళ్లగానే అడగాల్సింది "అరువిస్తారా?" అని కాదు, "రొక్కం రేటెంత, అరువు రేటెంత, ఎన్ని రోజులు?" అని. రొక్కం రేటు విడిగా చెప్పకపోతే వడ్డీ ధరలోనే కలిపేశారని అర్థం.

మరి మొత్తం రొక్కమే ఇచ్చేస్తే? వడ్డీ లెక్కలో అదే గెలుస్తుంది. కానీ పిల్లల బట్టల్లో సైజుల గొడవ ఉంది. ఇరవై రెండు సైజు అయిపోతుంది, ముప్పై రెండు అలాగే పడి ఉంటుంది. మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, బాకీ ఉన్నవాడి మాట కొట్టులో ఒకలా వింటారు, పూర్తిగా కట్టేసినవాడి మాట ఇంకోలా వింటారు. పద్దులు రాసిన చేత్తో చెబుతున్నాను, బాకీ ఉన్న పేరు గుమ్మంలో కనిపిస్తే కుర్చీ వేస్తారు. డబ్బు మొత్తం ముట్టాక మాత్రం "సీజన్ అయిపోయిందమ్మా" అనడం తేలిక.

ఇక చెక్కు. మూడింట్లో నాకు అన్నిటికన్నా భయం ఇదే. చెక్కు మీద తేదీ మన అమ్మకాన్ని చూసి రాదు. మా అమ్మాయికి అద్దె పదిహేను వేలు, పనిచేసే పిల్లకి పదకొండు, కరెంటుకి నాలుగు, మొత్తం నెలకి ముప్పై వేలు. మొదటి నెల గల్లాపెట్టెలో తొంభై వేలు పడినా మిగిలేది అరవై. చెక్కు మాత్రం లక్షా ఇరవై వేలది. మిగతా అరవై వేలు బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఉండవు. లైట్ల బోర్డుకో, ఇంకో కొట్టులో కనపడ్డ మంచి ఫ్రాకులకో పోతాయి.

ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే, బ్యాంకు ఆ సంగతి చెప్పిన ముప్పై రోజుల్లో అవతలివాళ్లు నోటీసు పంపొచ్చు. నోటీసు అందిన పదిహేను రోజుల్లో కట్టకపోతే ఆపైన నెలలోగా కేసు వేయొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. మామూలు అరువు బాకీకి ఈ ముప్పు లేదు. "అది హామీ కోసం ఇచ్చిన చెక్కే కదా" అన్నా, ఆ తేదీకి బాకీ నిజంగా ఉంటే ఆ మాట నిలవడం కష్టం. అంకె రాయకుండా సంతకం పెట్టిన ఖాళీ చెక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు.

మూడో దారి, చెక్కు లేని చేతి అరువు. వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి: బిల్లు మీద బిల్లు. సగం ఇప్పుడు, మిగతా సగం మళ్లీ సరుకుకి వచ్చినప్పుడు. పాత బాకీ కడితేనే కొత్త సరుకు. అవతలివాడి నష్టం ఆ సగం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, మొహం తెలియనివాళ్లకి కూడా దీనికి ఒప్పుకుంటారు.

మేం సరుకుని రెండుగా విడదీశాం. బనియన్లు, నిక్కర్లు, రోజూ వేసే జతలు యాభై వేలవి. అవి ఎలాగూ కదులుతాయి, మార్చుకునే పని తక్కువ. వాటికి రొక్కం, తగ్గింపు పోను నలభై ఎనిమిది వేల అయిదు వందలు. ఫ్రాకులు, పండగ సరుకు డెబ్బై వేలవి, వాటికి సగం.

షావుకారు తల అడ్డంగా ఊపాడు. "కొత్తవాళ్లకి చేతి అరువు లేదమ్మా."

"బాబాయి గారూ, మీరు లక్షా ఇరవై వేలకి చెక్కు మీద ఇస్తానన్నారు. నేను అడిగేది ముప్పై అయిదు వేలే. ఇరవై ఒక్క రోజులు, లేదా మళ్లీ సరుకుకి వచ్చిన రోజు, ఏది ముందైతే అది. నా జీఎస్టీ నంబర్ కొట్టి చూసుకోండి."

ఆ నంబర్ పోర్టల్లో వేస్తే రిటర్నులు వేస్తున్నారో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. రెండు నెలలవే ఉన్నాయి, కానీ రెండూ వేసి ఉన్నాయి. పాత ఖాతా లేనివాళ్లకి అదే మొదటి సాక్ష్యం. అద్దె అగ్రిమెంటు కాపీ కూడా ఇచ్చాం. పూచీ పడతానని నేను నోరు తెరవబోతే మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. మంచిదే అయింది. నేను పూచీ ఉంటే ఖాతా నా పేరు మీద నడిచేది.

చివరికి ముప్పై అయిదు వేలు అరువు, ఫ్రాకుల్లో పదో వంతు దాకా ట్యాగు తియ్యనివి ముప్పై రోజుల్లో సైజు మార్పు. ఈ రెండూ బిల్లు కిందే రాయించాం. నోటిమాటగా ఉంటే మర్నాడు గుమాస్తాకి తెలియదు, గుమాస్తా లేని రోజు షావుకారుకి గుర్తుండదు. ఆ రోజు చేతి నుంచి పోయింది ఎనభై మూడు వేల అయిదు వందలు.

ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. పదిహేను రోజులకోసారి సరుకుకి వెళ్లేవాళ్లకే సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లే కొనే సరుకైతే "మళ్లీ వచ్చినప్పుడు" అన్న మాటకి అర్థం లేదు. రేపు మనకి పనికొచ్చే మాట ఇంకొకటి: చిన్న తయారీదారు, చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్‌తో నేరుగా అమ్మితే, ఎంత ఒప్పందం రాసుకున్నా నలభై ఐదు రోజుల్లోపు కట్టాల్సిందే. వస్త్రలతలో తెచ్చి అమ్మే వ్యాపారికి ఆ రక్షణ వర్తించదు.

ఇరవై ఒకటో రోజుకి గల్లాలో అరవై ఒక్క వేలు పడ్డాయి. ఖర్చులకి తీసి పక్కన పెట్టింది ఇరవై రెండు, మిగిలింది ముప్పై తొమ్మిది. బాకీ ముప్పై అయిదు. ముందు రోజే ఫోన్ చేసి "రేపు వస్తున్నా బాబాయి గారూ" అని చెప్పి వెళ్లింది. నేను పనిచేసిన కొట్టులో పద్దు పక్కన చిన్న గుర్తులు పెట్టేవాళ్లం, అడక్కుండా కట్టినవాళ్లకి ఒకటి, మూడుసార్లు ఫోన్ చేయించుకున్నవాళ్లకి ఒకటి. తర్వాతి అరువు ఎంతో ఆ గుర్తే చెప్పేది.

మూడో బిల్లుకి షావుకారు అరువు అరవై వేలకి పెంచుతానన్నాడు, కానీ ఒక చెక్కు ఉంచమన్నాడు. అమ్మాయి అంకె రాసి, తేదీ వేసి, వెనక బిల్లు నంబర్ రాసి, ఫోటో తీసుకుని ఇచ్చింది. బాకీ యూపీఐలో కట్టిన రోజే ఆ చెక్కు వెనక్కి అడిగి తెచ్చుకుంది. షావుకారు కాస్త ముఖం ముడుచుకున్నాడట.