పాత గోడ కూల్చిస్తున్నారా? టిప్పర్ లోడ్ల లెక్క దగ్గర జాగ్రత్త

పాత ఇటుక ప్రహరీ తీయించేవాళ్లు లోడుకి ఇంత అని మాట్లాడుకునే ముందు ఇది చదవండి. మా గోడ పొడవు 60 అడుగులు, ఎత్తు 6 అడుగులు. తొమ్మిది అంగుళాల గోడే, రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే పది అంగుళాలు. కాంట్రాక్టర్ ఏడు లోడ్లకి బిల్లు రాశాడు.

లెక్క వేస్తే 60 × 6 × 10/12, అంటే 300 ఘనపుటడుగులు. ఇది నిలబడి ఉన్న గోడ. పగిలిన ముక్కల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి కూలిన శిథిలాలు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు దాకా పెరుగుతాయి. గట్టిగా ఒకటిన్నర వేసుకున్నా 450. వచ్చిన టిప్పర్ బాడీని లోపల టేపుతో కొలిస్తే పది అడుగుల పొడవు, ఆరు వెడల్పు, రెండున్నర లోతు: 150 ఘనపుటడుగులు. మూడు లోడ్లు చాలు.

మరి ఏడు ఎలా అయ్యాయి? టిప్పర్ లోపల సరుకు ఒకటిన్నర అడుగు మట్టానికి రాగానే బండి కదిలిపోయేది. అలా 90 చొప్పున పోతే ఐదు అవుతాయి. మిగతా రెండూ పునాదివట! పునాది తవ్వనే లేదు, పైన మట్టి కప్పి చదును చేశారు. గునపంతో ఒక్క పోటు వేస్తే ఠంగుమంది.

అడిగితే "ఓవర్‌లోడ్ అయితే ఫైన్ వేస్తారు సార్" అన్నాడు డ్రైవర్. మాట అబద్ధం కాదు, కానీ ఇక్కడ అతకదు. ఇటుక కట్టుబడి ఘనపుటడుగుకి సుమారు 54 కిలోలు. గోడంతా కలిపి 16 టన్నులు, మూడు లోడ్లయితే ఒక్కోదానికి ఐదున్నర. ఆర్సీలో లోడుతో బరువు, ఖాళీ బండి బరువు రెండూ ఉంటాయి. తీసివేస్తే ఎంత మోయొచ్చో తెలిసిపోతుంది. ఆ బండికి ఇది లోపలే. వానకి తడిసిన శిథిలాలైతే మాత్రం కొంచెం తగ్గించి నింపడం న్యాయమే.

ఇంకోటి, మంచి ఇటుకలు. సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడల్లో ఇటుకలు చాలావరకు ముక్కలవకుండా ఊడొస్తాయి, సిమెంటు గోడల్లో అంత రావు. మూడో వంతు పక్కకి పేర్చుకున్నా మిగిలేది 200, పెరిగితే 300, అంటే రెండే లోడ్లు. మా దగ్గర ఆ ఇటుకలు వేరే ట్రాక్టర్‌లో కాంట్రాక్టర్ ఇంటికి పోయాయి, బిల్లులో లోడ్లు మాత్రం తగ్గలేదు. ఇటుకలు ఎవరివో గోడ మీద సుత్తి పడకముందే తేల్చుకోండి.

లోడు లెక్కన కాకుండా గోడ కొలతల మీద మొత్తానికి ఒక రేటు మాట్లాడుకుంటే ఈ గొడవే ఉండదు. లోడు లెక్కే అంటే బాడీ కొలత చీటీ మీద రాయించి, ప్రతి లోడూ బయల్దేరే ముందు పైనుంచి ఫోటో తీయండి. నా దగ్గర ఫోటోలు ఉండబట్టి పునాది పేరుతో రాసిన రెండు లోడ్లూ కొట్టేశాడు. ఐదింటి దగ్గర బేరం ఇంకా నడుస్తోంది.